ఉద్యోగి వెళ్లిపోతే ఆ ఫైలు ఎవరిది?

చిన్న ఆఫీసుల్లో గూగుల్ డ్రైవ్ వాడకం ఎవరూ కూర్చుని నిర్ణయించి మొదలుపెట్టింది కాదు. ఎవరో ఒక ఎక్సెల్ షీటు పంపడానికి ఫోల్డరు తెరిచి అందరికీ షేర్ చేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఆఫీసు పనంతా అందులోనే ఉంటుంది. ఆ ఫోల్డరు తన కంప్యూటర్‌లో కనిపిస్తోంది కాబట్టి అందులోవన్నీ తనవేనని యజమాని అనుకుంటారు. చాలాసార్లు అది నిజం కాదు.

మామూలు జీమెయిల్ డ్రైవ్‌లో ఫైలుకు ఓనరు దాన్ని తయారుచేసిన అకౌంటు. ఫోల్డరు ఎవరిదన్నదానితో సంబంధం లేదు. మీ ఫోల్డరులో మీ ఉద్యోగి తన సొంత జీమెయిల్‌తో షీటు తెరిస్తే, ఫోల్డరు మీది, షీటు ఆ ఉద్యోగిది. అది తినే స్థలం కూడా ఆ ఉద్యోగికి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

విజయవాడలో ఐదుగురు పనిచేసే ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఉందనుకోండి. క్లయింట్ల జీఎస్టీ లెక్కలన్నీ చూసే అమ్మాయి మూడేళ్లు పనిచేసి, పెళ్లి కుదిరి హైదరాబాద్ వెళ్లిపోయింది. గొడవేమీ లేదు, అందరూ సంతోషంగా సాగనంపారు. నెల తర్వాత ఫోన్‌లో ఫొటోలకు చోటు చాలక, తన డ్రైవ్‌లో ఉన్న పాత ఆఫీసు షీట్లను తీసేసింది. ట్రాష్‌లో పడ్డ ఫైళ్లు 30 రోజులకు వాటంతటవే శాశ్వతంగా పోతాయి. ఆలోగా వాటిని వెనక్కి తేగలిగేది ఓనరు ఒక్కరే, ఇక్కడ ఆ అమ్మాయి. మరో రెండు నెలలకు ఒక క్లయింటుకు పాత సంవత్సరం లెక్కలు అడుగుతూ నోటీసు వచ్చింది. ఆఫీసులో వెతికితే షీటు లేదు. ఫోన్ చేస్తే, "అయ్యో సార్, ఆఫీసు కాపీ మీ దగ్గర ఉంటుంది కదా అని నా దాంట్లోవి తీసేశానండీ" అంది. ఆమె దృష్టిలో తీసేసింది తన కాపీ. నిజానికి ఉన్నదే అదొక్కటి.

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒక సంవత్సరం లెక్కల పుస్తకాలను, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఆరేళ్లు నిలవాల్సిన లెక్కలు ఒకరి ఫోన్‌లో చోటు చాలకపోవడం మీద ఆధారపడకూడదు.

చట్టం మాటకొస్తే, ఈ విషయంలో అది యజమాని వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా తయారుచేసినదానికి మొదటి హక్కుదారు యజమానే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే. బయట నుంచి పని చేసిపెట్టే ఫ్రీలాన్సర్‌కు ఇది అలాగే వర్తించదు, వాళ్లతో హక్కులు బదిలీ చేసే కాగితం విడిగా రాసుకోవాలి. కానీ గూగుల్ కంప్యూటర్‌కు 17వ సెక్షన్ తెలియదు. దానికి తెలిసిన ఓనరు ఈమెయిల్ అడ్రసే. హక్కు మీదే అయినా, పోయిన ఫైలును ఆ హక్కు తెచ్చిపెట్టదు.

మీ ఆఫీసు పరిస్థితి తెలుసుకోవడం తేలిక. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి పైన వెతికే చోట ఇలా టైపు చేయండి, అడ్రసు దగ్గర ఆ ఉద్యోగిది పెట్టి:

```
owner:employee@gmail.com
```

ఆ వ్యక్తి ఓనరుగా ఉండి, మీకు షేర్ అయిన ఫైళ్లన్నీ వరసగా వస్తాయి. `-owner:me` అని కొడితే మీవి కానివన్నీ వస్తాయి. మీకు షేర్ చేయనివి మాత్రం ఇందులో కనిపించవు. అందుకే వెళ్లే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల డ్రైవ్ కూడా వాళ్ల చేతే తెరిపించి చూడాలి. ఇది నోటీసు పీరియడ్‌లో జరగాల్సిన పని. చివరి రోజు సాయంత్రం కేకు కోశాక గుర్తొస్తే కుదరదు.

బదిలీ కూడా వాళ్లే చేయాలి. ఫైలు మీద షేర్ నొక్కి, మీ పేరు పక్కనున్న మెనూలో `Transfer ownership` ఎంచుకుంటే మీకు ఆహ్వానం వస్తుంది. మీరు దాన్ని అంగీకరించేదాకా ఓనరు పాతవారే. చాలామంది ఆ మెయిల్ చూడకుండా వదిలేస్తారు. పెండింగులో ఉన్నవన్నీ `pendingowner:me` అని వెతికితే దొరుకుతాయి. ఇంకో సంగతి, ఫోల్డరును బదిలీ చేస్తే లోపలి ఫైళ్లు దానితో పాటు రావు. వాటిని విడిగా బదిలీ చేయాలి. మనిషి ఇప్పటికే వెళ్లిపోయి, ఫైలు ఇంకా కనిపిస్తుంటే, `Make a copy` కొట్టి మీ పేరున కాపీ చేసుకోండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న పాత చరిత్ర కాపీలోకి రాదు కానీ, లెక్కలు దక్కుతాయి.

ఆఫీసు పేరుతో ఒకే జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. ఏ షీటు ఎవరు మార్చారో తేలదు, ఓటీపీ ఒకరి ఫోన్‌కే వస్తుంది, ఒకరు మానేసినప్పుడల్లా పాస్‌వర్డ్ మార్చి అందరికీ మళ్లీ చెప్పాలి.

నిలకడైన దారి, డబ్బు కట్టి వాడే గూగుల్ వర్క్‌స్పేస్‌లోని `Shared drives`. ఇందులో ఎవరు తయారుచేసినా ఫైలు సంస్థదే. మనిషి వెళ్లినా ఫైలు ఉన్నచోటే ఉంటుంది. అన్ని ప్లానుల్లోనూ ఈ సదుపాయం ఒకేలా ఉండదు కాబట్టి కొనేముందే అడిగి తెలుసుకోండి. సిబ్బందిలో ఎక్కువ మందికి `Contributor` స్థాయి చాలు. ఫైళ్లు చేర్చగలరు, మార్చగలరు కానీ, తీసేయలేరు. తీసేసే అధికారం ఇద్దరికి ఉంటే సరిపోతుంది. ఒక్కరికే ఇస్తే ఆ ఒక్కరూ సెలవులో ఉన్న రోజు పని ఆగుతుంది.

అయితే వర్క్‌స్పేస్ తీసుకున్న ఆఫీసులోనూ అలవాటుకొద్దీ `My Drive`లోనే ఫైళ్లు తెరిచేస్తుంటారు. అవి మళ్లీ ఆ ఉద్యోగి అకౌంటుకే అతుక్కుని ఉంటాయి. కాబట్టి ఉద్యోగి వెళ్లిన రోజు నెలనెలా కట్టే డబ్బు మిగులుతుందని అకౌంటును వెంటనే డిలీట్ చేయకండి. ముందు పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయించండి. డిలీట్ చేసేటప్పుడు డ్రైవ్ ఫైళ్లను ఎవరికి బదిలీ చేయాలని స్క్రీన్ మీద అడుగుతుంది. అక్కడ తప్పకుండా ఒకరిని ఎంచుకోవాలి. బదిలీ అయిన ఫైళ్లు కొత్త ఓనరు డ్రైవ్‌లో, పాత ఉద్యోగి ఈమెయిల్ పేరున్న ఫోల్డరులోకి చేరతాయి. అక్కడి నుంచి పనికొచ్చేవి `Shared drives`లోకి మార్చుకోవచ్చు. బదిలీ చేయకుండా డిలీట్ కొట్టేసినా 20 రోజుల్లోపు ఆ అకౌంటును వెనక్కి తేవచ్చు. ఆ తర్వాత కుదరదు.

బదిలీ అయిన ఫైళ్లలో "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టినవి మాత్రం అకౌంటు పోయినా తెరుచుకుంటూనే ఉంటాయి. క్లయింటుకు వాట్సాప్‌లో పంపేందుకు అలా పెట్టినవి ఆఫీసులో చాలానే ఉంటాయి. పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న ఫోల్డర్లనైనా ముందు చూసి, ఆ సెట్టింగు తీసేసి, పేరుపేరునా షేర్ చేయండి.