పగిలిపోవడమే దాని పని

శనివారం రాత్రి హాస్టల్ రూమ్‌లో నలుగురం ఒకే లాప్‌టాప్ చుట్టూ చేరి సినిమా చూస్తున్నాం. హీరో పెద్ద తుపాకీ తీసి పేల్చాడు. విలన్ పదడుగులు వెనక్కి ఎగిరి, అద్దాల తలుపు పగలగొట్టుకుంటూ వెళ్ళి పడ్డాడు. చచ్చాడనుకున్నాం. కాసేపటికి తాపీగా లేచి చొక్కా విప్పితే లోపల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్! దాని మీంచి బుల్లెట్, చెక్కు చెదరకుండా, చేతిలోకి రాలింది. మేం ఈలలు వేశాం.

తర్వాత నిద్ర పట్టక లెక్కలేస్తే తేలిందేంటంటే, ఆ సీన్లో రెండు తప్పులున్నాయి. మనిషి అలా ఎగరడు, బుల్లెట్ అలా మిగలదు. ఈ రెండూ ఎందుకు తప్పో తెలిస్తే, కంచు రేకుల నుంచి సిరామిక్ పలక దాకా కవచం ఎందుకలా మారుతూ వచ్చిందో అర్థమైపోతుంది.

ముందు లెక్క చూద్దాం. సైన్యాలు వాడే 7.62 మి.మీ. రైఫిల్ బుల్లెట్ ఒకటి తీసుకుందాం. బరువు 9.6 గ్రాములు, వేగం సెకనుకి సుమారు 847 మీటర్లు. mv కడితే ద్రవ్యవేగం దాదాపు 8.1 కిలోగ్రామ్-మీటర్/సెకను. అదంతా 70 కిలోల మనిషికి అందినా అతను కదిలేది సెకనుకి 12 సెంటీమీటర్లే. అంటే కాస్త తూలుతాడు, అంతే. న్యూటన్ మూడో సూత్రం గుర్తుందిగా? ఎదుటివాడు పదడుగులు ఎగిరేంత తోపుడే ఉంటే, పేల్చినవాడు కూడా అటువైపు ఎగిరిపడాలి.

మరి బుల్లెట్ ఎందుకు చంపుతుంది? ½mv² కట్టండి. దాదాపు 3,440 జౌల్స్ వస్తుంది. చూడ్డానికి మరీ పెద్ద సంఖ్యేం కాదు. 70 కిలోల మనిషి ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి కూడా ఇంచుమించు ఇంతే. కానీ ఇక్కడ ఆ శక్తంతా చిటికెన వేలి గోరంత జాగాలో, సెకనులో పదివేలో వంతు సమయంలో దిగబడుతుంది. కాబట్టి కవచం చేయాల్సిన పని ఒక్కటే. ఆ దెబ్బని వీలైనంత ఎక్కువ జాగాకి పంచాలి, వీలైనంత ఎక్కువసేపు సాగదీయాలి. జాగా, సమయం. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా వీటి మీదే.

1960లో గ్రీస్‌లోని డెండ్రా అనే ఊరి దగ్గర ఒక సమాధిలో పూర్తి కంచు కవచం దొరికింది. వయసు దాదాపు 3,500 ఏళ్ళు. మెడ నుంచి తొడల దాకా ఒంటిని కప్పే కంచు రేకులు, వాటిని ఒకదానికొకటి కట్టడానికి తోలు తాళ్ళు. రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరే. ఇంత పలచగా ఉన్నా పని చేసేది, ఎందుకంటే ఎదురుగా ఉన్నది కత్తి, ఈటె. అంచు గుచ్చుకునే చోట కంచు గట్టిగా నిలబడి, దెబ్బని రేకు మొత్తానికి పంచుతుంది. కింద మెత్తటి పొర ఉంటే మిగిలిన దెబ్బని అది తీసుకుంటుంది. పైన గట్టిది, కింద మెత్తది. ఈ సూత్రం అప్పటిదే.

ఈ కవచాన్ని చూసిన చాలామంది, ఇది ఊరేగింపులకే తప్ప యుద్ధానికి పనికిరాదని అనుకున్నారు, అంత మొద్దుగా కనిపిస్తుంది. 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గ్రీస్ మెరైన్లు 13 మంది దీని నకలు వేసుకుని, 11 గంటల పాటు కాంస్యయుగం నాటి యుద్ధాన్ని అభినయించారు. అందరూ చివరిదాకా నిలబడ్డారు. కాబట్టి అది నిజంగా యుద్ధానికి పనికొచ్చే కవచమేనని తేల్చారు.

కంచు పోయి ఇనుము, ఉక్కు వచ్చాయి. 15వ శతాబ్దానికి యూరప్ కమ్మరులు తల నుంచి కాలి దాకా ఉక్కు తొడుగు చేసేవాళ్ళు. బరువు 20 నుంచి 25 కిలోలు. అయితే బరువు ఒళ్ళంతా పంచుకుని ఉండేది కాబట్టి నడవగలిగేవాళ్ళు, గుర్రం ఎక్కగలిగేవాళ్ళు. అప్పుడు దిగింది తుపాకీ. కమ్మరులు చేసిన మొదటి పని రేకు మందం పెంచడం. అమ్మే ముందు ఛాతీ రేకు మీద ఒక తూటా పేల్చి, పడిన సొట్టని అలాగే వదిలేసేవాళ్ళు. కొనేవాడికి అదే గ్యారంటీ ముద్ర. అలాంటి సొట్టలున్న రేకులు మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

కానీ మందం పెరిగితే బరువు పెరుగుతుంది. మనిషి మోయగలిగే బరువు మాత్రం పెరగదు. అందుకని ఏదో ఒకటి వదులుకోవాలి. ముందు కాళ్ళ తొడుగులు పోయాయి, తర్వాత చేతులవి. చివరికి ఛాతీ రేకు, వీపు రేకు, హెల్మెట్ మిగిలాయి. తర్వాత చాలా సైన్యాల్లో అవీ పోయాయి. తుపాకీ కవచాన్ని చీల్చి గెలిచిందనేకన్నా, బరువు పెంచి గెలిచిందంటే సరిగ్గా ఉంటుంది.

తర్వాతి మలుపు ఉక్కు నుంచి కాదు, దారం నుంచి వచ్చింది. 1890లలో షికాగోలో కాజిమిర్ జెగ్లెన్ అనే చర్చి ఫాదర్ పట్టు పొరలతో జాకెట్ నేయించాడు. అప్పటి పిస్తోలు తూటాల్ని అది ఆపగలిగేది. 1965లో డూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్, తేలికపాటి టైర్ల కోసం దారం వెతుకుతూ, ఒక మసక ద్రావణం తయారుచేసింది. అది వడికే యంత్రాన్ని పాడుచేస్తుందేమోనని అక్కడి టెక్నీషియన్ మొదట ఒప్పుకోలేదట. ఆవిడ పట్టుబట్టి వడికించింది. ఆ పరిశోధనే కెవ్లార్‌కి దారితీసింది. 1975 డిసెంబర్లో సియాటిల్లో ఒక పోలీసు అధికారి ప్రాణాన్ని కెవ్లార్ జాకెట్ కాపాడింది.

దారం ఎలా ఆపుతుంది? గోల్ పోస్ట్ వల బంతిని ఆపినట్టు. బుల్లెట్ తగిలిన చోటే కాదు, దారం పొడవునా లాగుడు పాకుతుంది, పొర వెనక పొర సాగుతుంది. జాగా పెరిగింది, సమయమూ పెరిగింది. మెత్తటి సీసపు పిస్తోలు తూటా దానికి తగిలి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది కాబట్టి వలకి పని ఇంకా తేలిక. రైఫిల్ బుల్లెట్ అలా కాదు. మొన సన్నం, వేగం రెట్టింపు పైన, కొన్నింటికి లోపల గట్టి ఉక్కు ములుకు. వల సాగే లోపే దారాల్ని తోసుకుని, తెంచుకుని దూరిపోతుంది. అంటే వల పనిచేయాలంటే ముందు ఎవరో ఆ మొనని విరగ్గొట్టాలి.

ఆ పని చేసేదే సిరామిక్. వియత్నాం యుద్ధంలో కింది నుంచి వచ్చే రైఫిల్ కాల్పులకి హెలికాప్టర్ పైలట్లు కుర్చీల్లోనే చనిపోతుంటే, 1960ల మధ్యలో అమెరికా సైన్యం వాళ్ళ సీట్లకీ ఛాతీకీ సిరామిక్ పలకలు పెట్టింది. కూర్చుని ఉండేవాళ్ళు కాబట్టి బరువు మోయగలిగారు. అక్కడి నుంచే అది కాల్బలాల దాకా వచ్చింది.

మనకి ఒక సందేహం రావాలి. సిరామిక్ అంటే మన కప్పూ సాసరూ జాతే కదా, కింద పడితే పగిలేది బుల్లెట్‌నెలా ఆపుతుంది? జవాబు వరసగా చూద్దాం. బోరాన్ కార్బైడ్ అనేది గట్టి ఉక్కు కన్నా మూడు నాలుగు రెట్లు కఠినం. బుల్లెట్ తగిలిన మొదటి కొన్ని మైక్రోసెకన్లలో పలక లొంగదు, బుల్లెట్ మొనే నలిగి పక్కలకి చితుకుతుంది. ఆ తర్వాత పలక కూడా పగులుతుంది, అయితే పగుళ్ళు వెనక్కి విస్తరిస్తూ గరాటు ఆకారంలో వెళ్తాయి. ముందు గోరంత ఉన్న దెబ్బ వెనక్కొచ్చేసరికి, ఉదాహరణకి 6 సెంటీమీటర్ల వృత్తమైందనుకోండి, జాగా దాదాపు 60 రెట్లు పెరిగింది. ఈలోగా నుసైన సిరామిక్ గరుకు కాగితంలా బుల్లెట్‌ని అరగదీస్తూ ఉంటుంది. చివరికి మొన లేని, చితికిన ముక్కలు వెనకున్న పాలీఇథిలీన్ లేదా కెవ్లార్ పొరకి తగులుతాయి. వాటిని పట్టుకోవడం వలకి సులువు. సినిమాలో లాగా బుల్లెట్ చెక్కు చెదరకుండా చేతిలోకి రాలదు. రాలేవి ముక్కలూ నుసీ.

మరి బరువు? ఛాతీ పలక దాదాపు 25 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు ఉంటుంది. 8 మి.మీ. మందంతో కోశామనుకుందాం. ఉక్కుదైతే 4.7 కిలోలు, అల్యూమినాదైతే 2.3, బోరాన్ కార్బైడ్‌దైతే ఒకటిన్నర. వెనక పొరల బరువు దీనికి అదనం. అందుకే ఖరీదెక్కువైనా బోరాన్ కార్బైడ్ కోసం అన్ని దేశాలూ వెతుక్కుంటాయి. మన హైదరాబాద్‌లోని మిధాని తయారుచేసే 'భాభా కవచ్'లో ఉన్నదీ బోరాన్ కార్బైడే. దాని సాంకేతికత భాభా అణు పరిశోధన కేంద్రానిది.

అయితే ఇందులో చిక్కు కూడా ఉంది. పగిలి కాపాడే వస్తువు ఒకసారి పగిలాక అక్కడ మళ్ళీ కాపాడలేదు. అమెరికా పాత ఎన్ఐజే 0101.06 ప్రమాణం చూస్తే ఇది తెలుస్తుంది. మామూలు రైఫిల్ బుల్లెట్లని ఆపే మూడో స్థాయి పలక ఆరు దెబ్బలు తట్టుకోవాల్సి ఉండేది. ఉక్కు ములుకున్న బుల్లెట్‌ని ఆపే నాలుగో స్థాయికి మాత్రం ఒక్క దెబ్బ తట్టుకుంటే సరిపోయేది. పరీక్షలో పలక వెనక బంకమన్ను లాంటి ముద్ద పెడతారు. బుల్లెట్ లోపలికి రాకపోయినా ఆ ముద్దలో గుంట 44 మి.మీ. దాటితే ఫెయిల్. పాసైన జాకెట్ వేసుకున్నవాడికి కూడా ఎముక విరగొచ్చు. లేచి తాపీగా చొక్కా విప్పడం కష్టం.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. జీపులోంచి పలక సిమెంటు మీద పడితే గుడ్డ కవర్ లోపల సన్నటి బీట పడొచ్చు. పైకి కొత్తదిలాగే ఉంటుంది. అనుభవమున్నవాళ్ళు దాన్ని రెండు చేతులతో మెల్లిగా మెలితిప్పి, లోపల గరగరమంటోందా అని వింటారు, వేళ్ళతో తట్టి చూస్తారు. అనుమానమొస్తే ఎక్స్-రే తీయాలి, అసలు సంగతి అందులోనే తేలుతుంది. మన బైక్ హెల్మెట్ కూడా ఇంతే. ఒక్కసారి గట్టిగా పడితే, గీత పడకపోయినా, దాని పని అయిపోయినట్టే. లోపలి థర్మాకోల్ నలిగిపోయే మనల్ని కాపాడింది మరి.

డెండ్రా యోధుడిని మెడ నుంచి తొడల దాకా కప్పిన లోహం, ఇవాళ్టి జవాన్ దగ్గరికొచ్చేసరికి గుండెనీ ఊపిరితిత్తుల్నీ కప్పే నోట్‌బుక్కంత పలకైంది. మెడ, భుజం, పొత్తికడుపు చాలావరకు బయటే. ఇంకాస్త కప్పొచ్చు కదా అంటే, ఇంకో రెండు కిలోలు. ఆ రెండు కిలోలు ఎండలో కొండెక్కే మనిషి కాళ్ళ మీద పడతాయి, మెల్లిగా కదిలేవాడు సులువుగా దొరుకుతాడు. పుట్టుకతో వచ్చిన కర్ణుడి కవచానికి బరువు లేదు. మిగతా అందరి కవచాల్నీ ఎవరో ఒకరు తూకం వేసి, ఒంట్లో ఏ భాగం వదిలేయాలో నిర్ణయించారు.