1.5 డిగ్రీల భూతాపం: ఉష్ణోగ్రతా విచలనాన్ని అర్థం చేసుకొనే విధానం

వాతావరణ సమాచారంలో రెండు సంఖ్యలు తరచుగా ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. భారత వాతావరణ విభాగం నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి అధికంగా ఉన్నప్పుడు వడగాలిగా పరిగణిస్తారు. 2015 పారిస్ ఒప్పందం పేర్కొన్న పరిమితి మాత్రం 1.5 డిగ్రీలే. ఒక్క మధ్యాహ్నంలోనే 4.5 డిగ్రీల పెరుగుదల సంభవిస్తున్నప్పుడు 1.5 డిగ్రీలకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్న ప్రశ్న రైతు సదస్సులలోనూ, తరగతి గదులలోనూ సహజంగానే తలెత్తుతుంది. మొదటి సంఖ్య ఒక స్థలంలో ఒక రోజుకు చెందినది. రెండవది భూగోళమంతటికీ, అనేక సంవత్సరాల సగటుకు చెందినది. రెండూ విచలనాలే. ఏ సగటు నుండి, ఎంత విస్తీర్ణానికి, ఎంత కాలానికి లెక్కించినవన్న అంశంలోనే వాటి మధ్య భేదం ఉన్నది.

విచలనం అనగా ఏమి?

ఒక కేంద్రంలో ఒక నెల నమోదైన సగటు ఉష్ణోగ్రత నుండి, అదే కేంద్రానికి, అదే నెలకు ఒక నిర్ణీత ఆధార కాలంలో లభించిన సగటును తీసివేయగా మిగిలినదే ఉష్ణోగ్రతా విచలనం. దీనినే అనామలీ అంటారు. ఆధార కాలం సాధారణంగా 30 సంవత్సరాలు. భారత వాతావరణ విభాగం ప్రస్తుతం 1991–2020 కాలాన్ని ఆధారంగా తీసుకొంటున్నది. విచలనం ధనాత్మకమైతే ఆ నెల ఆధార కాలపు సగటు కన్నా వేడిగా, ఋణాత్మకమైతే చల్లగా గడచినట్లు.

అసలు ఉష్ణోగ్రతకు బదులు విచలనాన్ని వాడవలసిన అవసరం హైదరాబాదు వాయవ్య శివారులోని నిజాంపేటను ఉదాహరణగా తీసుకొంటే స్పష్టమవుతుంది. ఒకప్పుడు పొలాలు, చెరువులు ఉన్న ఈ గ్రామం సైబరాబాద్ ఐటీ ప్రాంత విస్తరణతో బహుళ అంతస్తుల నివాస సముదాయంగా మారి, 2019లో నగరపాలక సంస్థ అయినది. దీనికి పడమరన కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రం ఉన్నది. ఒక రాత్రి పటాన్‌చెరు పొలాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 16 డిగ్రీలుగా, నిజాంపేట కాంక్రీటు కట్టడాల మధ్య 18 డిగ్రీలుగా ఉన్నదనుకొందాం. ఈ 2 డిగ్రీల భేదం భూతాపం కాదు, రెండు స్థలాల స్వభావ భేదం. గోడలు, రోడ్లు పగటి వేడిని నిలువ చేసుకొని రాత్రి విడుదల చేస్తాయి. తడి నేల, పచ్చని పైరు ఉన్నచోట నీటి ఆవిరితో వేడి కొంత తొలగుతుంది.

అదే రాత్రి రెండు చోట్లా ఉష్ణోగ్రత వాటి వాటి సాధారణ స్థాయి కన్నా 1 డిగ్రీ అధికంగా ఉన్నట్లయితే, విచలనం రెండింటికీ 1 డిగ్రీయే. ఒక వేడి నెల లేదా చల్లని నెల సాధారణంగా వందల కిలోమీటర్ల మేర ఒకేసారి వ్యాపించే వాతావరణ స్థితి. అందువలన పొరుగు కేంద్రాల ఉష్ణోగ్రతలు వేరైనా వాటి విచలనాలు దగ్గరగా ఉంటాయి. ప్రతి గ్రామంలో ఉష్ణమాపకం లేకున్నా భూగోళ సగటును నమ్మదగినట్లు లెక్కించగలగడానికి ఈ లక్షణమే పునాది.

లెక్కలో తప్పు జరిగే చోటు

విచలనాన్ని గణించేటప్పుడు ప్రతి నెలను ఆ నెల సగటుతోనే పోల్చవలెను. మే నెల ఉష్ణోగ్రత నుండి వార్షిక సగటును తీసివేస్తే లభించేది ఋతు భేదమే గాని విచలనం కాదు. పన్నెండు నెలల విచలనాలను విడివిడిగా లెక్కించిన పిమ్మటనే వార్షిక సగటు తీయవలెను.

ఈ క్రమం ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూడవచ్చు. ఒక కేంద్రపు వార్షిక సగటు 26.5 డిగ్రీలు, మే నెల సగటు 33 డిగ్రీలు అనుకొందాం. ఒక సంవత్సరం పరికరం చెడిపోయి మే నెల వివరాలు నమోదు కాలేదు. పన్నెండు నెలల మొత్తం 318 నుండి 33 తీసివేసి 11తో భాగిస్తే 25.9 వస్తుంది. వాతావరణంలో ఏ మార్పూ లేకుండానే ఆ సంవత్సరం 0.6 డిగ్రీలు చల్లబడినట్లు కనిపిస్తుంది. భారతదేశంలో 1901 నుండి అత్యంత వేడి సంవత్సరంగా నమోదైన 2024లో దేశ సగటు విచలనం 0.65 డిగ్రీలు. అనగా ఒక్క నెల లోపించిన లెక్క, రికార్డు సంవత్సరపు సంకేతమంత పొరపాటును సృష్టించగలదు. నెలవారీ విచలనాలను వాడినట్లయితే మిగిలిన పదకొండు నెలల విచలనాల సగటు దాదాపు సరియైన విలువనే ఇస్తుంది.

నగరీకరణ తెచ్చే దోషం వేరొక రకం. నిజాంపేట వంటి చోట ఒక కేంద్రం దశాబ్దాలుగా ఉన్నట్లయితే, దాని విచలనాలలో భూతాపంతో పాటు చుట్టూ పెరిగిన కట్టడాల ప్రభావం కూడా చేరుతుంది. దీనిని గుర్తించడానికి ఆ కేంద్రపు విలువల నుండి సమీప గ్రామీణ కేంద్రపు విలువలను సంవత్సరాల వారీగా తీసివేసి చూడవలెను. రెండింటికీ సమానమైన ప్రాంతీయ వాతావరణం ఇందులో రద్దవుతుంది. మిగిలిన భేదం, ముఖ్యంగా కనిష్ఠ ఉష్ణోగ్రతలో, క్రమంగా పెరుగుతూ ఉంటే అది నగర ప్రభావమని భావించవచ్చు. భేదం ఒక్కసారిగా మెట్టువలె మారితే పరికరాన్నో స్థలాన్నో మార్చి ఉండవచ్చు. భూగోళ గణనలో ఇటువంటి కేంద్రాలను పొరుగు కేంద్రాలతో సరిచూసి సవరిస్తారు. పైగా భూ ఉపరితలంలో సుమారు 71 శాతం సముద్రమే. అక్కడ నగరాలు లేకున్నా వేడిమి పెరుగుతూనే ఉన్నది.

1.5 డిగ్రీలు ఎక్కడి నుండి?

పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీలను పారిశ్రామిక పూర్వ స్థాయి నుండి కొలుస్తారు. ఆచరణలో 1850–1900 కాలపు సగటును ఆ స్థాయికి ప్రతినిధిగా తీసుకొంటున్నారు. భూగోళ సగటును అంచనా వేయడానికి తగినన్ని భూ, నౌకా పరిశీలనలు అప్పటినుండియే లభించడం ఇందుకు కారణం.

ఆధార కాలం మారితే సంఖ్య మారుతుంది, వాతావరణం మారదు. ఐరోపా సంస్థ కోపర్నికస్ లెక్కల ప్రకారం 2024 భూగోళ సగటు ఉష్ణోగ్రత 1991–2020 సగటు కన్నా 0.72 డిగ్రీలు అధికం. ఆ 30 సంవత్సరాల సగటు 1850–1900 సగటు కన్నా అప్పటికే 0.88 డిగ్రీలు అధికంగా ఉన్నది. రెండింటినీ కలిపితే 1.60 డిగ్రీలు. ఒకే సంవత్సరానికి ఒక పత్రిక 0.72 అనీ, మరొక పత్రిక 1.60 అనీ ప్రచురిస్తే రెండూ సరియైనవే. ఇదే కారణంగా భారతదేశపు 0.65ను 1.5తో నేరుగా పోల్చి, మన దేశం పరిమితికి చాలా దూరంలో ఉన్నదని చెప్పడం సరికాదు. ఆధార కాలమూ వేరు, విస్తీర్ణమూ వేరు.

ప్రపంచ వాతావరణ సంస్థ ఆరు గణాంక శ్రేణులను సమన్వయించి 2024 విచలనాన్ని 1.55 డిగ్రీలుగా, 0.13 డిగ్రీల అనిశ్చితితో ప్రకటించినది. అయినను దీనివలన ఒప్పందపు పరిమితి దాటినట్లు కాదు. ఎల్ నినో వంటి సహజ హెచ్చుతగ్గులు ఒక సంవత్సరపు సగటును పైకో కిందికో నెట్టగలవు. 2023–24 ఎల్ నినో కొంత వేడిని అదనంగా చేర్చినది. భూతాప స్థాయిని ఐపీసీసీ 20 సంవత్సరాల సగటుతో నిర్ణయిస్తుంది. దీని పర్యవసానం ఏమనగా, పరిమితి దాటిన సంవత్సరాన్ని అప్పటికప్పుడు ప్రకటించడం కష్టం. ఆ సగటు పూర్తి కావడానికి తరువాతి సంవత్సరాల వివరాలు గాని, వాటి అంచనాలు గాని కావలెను.

భూగోళ సగటు ఏ ఒక్క పొలానికీ చెందిన సంఖ్య కాదన్నది మరొక అంశం. ఐపీసీసీ ఆరవ నివేదిక ప్రకారం 2011–2020 దశాబ్దంలో భూగోళం 1.09 డిగ్రీలు వేడెక్కగా, నేల భాగం 1.59 డిగ్రీలు, సముద్రం 0.88 డిగ్రీలు వేడెక్కినవి. నేల సగటు అప్పటికే 1.5 దాటినది. భారతదేశంలో గాలిలోని ధూళి, పొగ కణాలు సూర్యరశ్మిని కొంత అడ్డుకోవడం వలన, విస్తారమైన నీటిపారుదల వలన పెరుగుదల కొంతమేర మరుగుపడి ఉన్నది.

పైరుకు దీని అర్థం

స్వల్పంగా కనిపించే సగటు మార్పు పైరుపై రెండు మార్గాలలో పనిచేస్తుంది. మొదటిది, అది ప్రతి రోజూ కూడుతూ పోవడం. యాసంగి మొక్కజొన్నకు కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, పంటకాలపు రోజువారీ సగటు 23 డిగ్రీలు అనుకొంటే రోజుకు 13 ఉష్ణదినాలు సమకూరుతాయి. పక్వానికి 1560 ఉష్ణదినాలు కావలసిన రకం 120 రోజులలో కోతకు వస్తుంది. సగటు 1 డిగ్రీ పెరిగితే రోజుకు 14 చొప్పున సుమారు 111 రోజులకే పక్వమవుతుంది. గింజ కట్టే దశ కూడా ఆ మేరకు కుదించుకొని పోతుంది. సూర్యరశ్మిని గ్రహించే రోజులు తగ్గడం వలన, నీరు, ఎరువు లోపించకున్నా దిగుబడి తగ్గే అవకాశమున్నది. దీర్ఘకాలిక రకాల ఎంపిక కొంతవరకు దీనిని సరిదిద్దగలదు.

రెండవది, తీవ్రమైన రోజుల సంఖ్య పెరగడం. మే నెల గరిష్ఠ ఉష్ణోగ్రతలు సగటుకు ఇరువైపులా సాధారణ పంపిణీలో ఉండి, ప్రామాణిక విచలనం 2 డిగ్రీలు అనుకొందాం. సగటు కన్నా 4 డిగ్రీలు మించిన రోజులు సుమారు 2.3 శాతం ఉంటాయి. సగటు 1 డిగ్రీ పైకి జరిగితే అదే హద్దు ఇప్పుడు కొత్త సగటుకు 3 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. దానిని మించే రోజులు 6.7 శాతమవుతాయి, అనగా దాదాపు మూడు రెట్లు. రైతుకు అనుభవంలోకి వచ్చేది సగటు పెరుగుదల కాదు, ఈ మూడు రెట్ల తీవ్ర దినాలే. వడగాలి నిర్వచనంలోని 4.5 డిగ్రీలకూ, భూతాపపు 1.5 డిగ్రీలకూ గల సంబంధం ఇదే.

కనుక విస్తరణ సూచనలలో, విద్యార్థుల నివేదికలలో ఏ విచలనాన్ని పేర్కొన్నా దాని పక్కన మూడు వివరాలు ఉండవలెను: అది ఏ ప్రాంతానిది, ఎంత కాలపు సగటు, ఏ ఆధార కాలం నుండి లెక్కించినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ సంఖ్యను మరొక సంఖ్యతో పోల్చడానికి వీలు లేదు.