ఉప్పు, ఎండ, పులుపు: ఊరమిరపకాయల నిల్వలో జల క్రియాశీలత

కీలకపదాలు: జల క్రియాశీలత, ద్రవాభిసరణ, ఊరమిరపకాయలు, హిందూపురం, ఆహార నిల్వ

పరిచయం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్నాయి. ఇక్కడ వేసవి మధ్యాహ్నాల్లో గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 30 శాతానికి దిగువకు పడిపోవడం సాధారణం. ఎండుమిరప, చింతపండు వ్యాపారానికి హిందూపురం మార్కెట్ పేరుపొందింది. ఈ వాతావరణంలో ఇళ్లలో తయారయ్యే ఊరమిరపకాయల్లో ఉప్పువేయడం, ఊరబెట్టడం, ఎండబెట్టడం అనే మూడు పద్ధతులూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అవి సూక్ష్మజీవులకు నీటిని ఎలా దూరం చేస్తాయో ఈ ఒక్క ఉదాహరణతో పరిశీలించవచ్చు.

ఉన్న నీరు, అందే నీరు

ఆహారం చెడిపోవడాన్ని నిర్ణయించేది అందులోని మొత్తం నీరు కాదు, సూక్ష్మజీవులకు అందే నీరు. దీనికి కొలమానం జల క్రియాశీలత. శుద్ధజలానికి దాని విలువ 1. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డబ్ల్యు. జె. స్కాట్ 1950లలో జరిపిన పరిశోధనలు సూక్ష్మజీవుల పెరుగుదలకు, ఈ విలువకు గల సంబంధాన్ని స్థాపించాయి. చాలా బాక్టీరియాలు 0.91కి దిగువన పెరగవు. విషాహారానికి కారణమయ్యే స్టెఫైలోకాకస్ ఆరియస్ 0.86 వరకు, సాధారణ బూజులు 0.80 వరకు తట్టుకుంటాయి. పొడిని ఇష్టపడే కొన్ని బూజులు మాత్రం 0.65 దాకా నెమ్మదిగా పెరుగుతాయి.

ఉప్పు కరిగినప్పుడు దాని అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ పట్టి ఉంచుతాయి. అప్పుడు సూక్ష్మజీవి కణంలోని నీరు ద్రవాభిసరణ వల్ల బయటికి పోతుంది. దాన్ని నిలుపుకోవడానికి కణం ప్రోలిన్ వంటి పదార్థాలను లోపల కూడబెట్టుకోవాలి. అందుకు శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేని స్థాయిలో పెరుగుదల ఆగుతుంది.

ఒక కిలో మిరపకాయల లెక్క

ఒక కిలో పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, అర లీటరు పుల్లని మజ్జిగ, 80 గ్రాముల ఉప్పు కలిపారనుకుందాం. కాయల్లో సుమారు 870 గ్రాములు, మజ్జిగలో 480 గ్రాములు కలిపి 1,350 గ్రాముల నీరుంటుంది. ఇతర ద్రావితాలను పక్కనపెట్టి ఉప్పును మాత్రమే లెక్కిస్తే, ఈ దశలో జల క్రియాశీలత దాదాపు 0.97. అంటే మొదటి రోజుల్లో ఉప్పు ఒక్కటే కాపాడలేదు. అప్పటి రక్షణ మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లానిది. మజ్జిగ చాలినంత పులవకపోయినా, మబ్బు పట్టి ఎండ లేకపోయినా కాయలు జిగురు పట్టి దుర్వాసన వస్తాయి.

పగలు కాయలను ఎండబెట్టి, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేస్తారు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. నీరు సగానికి తగ్గితే విలువ 0.93కు, నాలుగో వంతుకు తగ్గితే 0.85కు చేరుతుంది. ఉప్పు మోతాదు పెంచకుండానే ఎండ ఆ ఉప్పు బలాన్ని పెంచుతుందన్నమాట. నీరు సుమారు 225 గ్రాములకు తగ్గినప్పుడు ద్రావణం సంతృప్తమై విలువ 0.75 వద్ద నిలుస్తుంది. అంతకుమించి ఎండితే ఉప్పు స్ఫటికాలుగా విడిపోతుంది. కాయపై కనిపించే తెల్లని ఉప్పుపొర ఈ దశకు గుర్తు.

గుర్తు, దాని పరిమితి

అయితే ఉప్పుపొర మొదట పైతొక్కమీదే ఏర్పడుతుంది. తొడిమ దగ్గర, గింజల చుట్టూ తేమ మిగిలి ఉండవచ్చు. అందుకే కాయను విరిచి చూడాలి. ఫట్‌మని విరిగితే లోపలా ఎండినట్టు, తోలులా వంగితే ఇంకా ఎండాలి. సరిగా ఎండని కాయల్లో బూజు తరచుగా లోపలే, గింజలమీద మొదలవుతుంది కాబట్టి పైకి కనిపించదు.

నిల్వలో అసలు సమస్య గాలిలోని తేమ. ఆహారం చివరికి చుట్టూ ఉన్న గాలితో సమతుల్యానికి వస్తుంది. సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు గాలినుంచి నీటిని పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. ఎండలో కాపాడిన ఉప్పే మూతలేని డబ్బాలో తేమను లోపలికి లాగుతుంది. వేడి ఆరకముందే మూత పెట్టినా, లోపలి ఆవిరి మూతకు చేరి నీటిచుక్కలుగా పడి, పడినచోట ఉప్పును పలుచన చేస్తుంది.

ముగింపు

నీటిని దూరం చేయడం సూక్ష్మజీవులన్నింటినీ చంపదు. వాటి పెరుగుదలను ఆపుతుందంతే. ఎండిన కాయలో సిద్ధబీజాలు నిద్రాణంగా మిగిలే ఉంటాయి. తేమ తిరిగి అందితే అవి మేల్కొంటాయి. కాబట్టి ఊరమిరపకాయలు మొదటి రోజుల్లో పులుపుతో, తరువాత చిక్కబడిన ఉప్పుతో, చివరికి గాలి చొరని మూతతో నిలుస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి దాని స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయలేవు.