బావి ఒకటే, చుట్లు మూడు

ఆరు మీటర్ల బావి అని రైతు అంటాడు. అతని మనసులో ఉన్నది గట్టు మీద నిలబడి చూస్తే కనిపించే వెడల్పు. తవ్వేవాళ్లకు అది ఆరు మీటర్ల బావి కాదు. రాయి పేర్చేవాళ్లకూ కాదు. పాలమూరు, నల్లగొండ, అనంతపురం వైపు పైన మట్టి, కింద మొరం, ఆ కింద బండ ఉండే నేలల్లో ఒక్క బావికి మూడు చుట్లు గీయాలి. ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకోకపోతే పని సగంలో ఉండగానే డబ్బు అయిపోతుంది. ఇలా ఆగిపోయిన బావులను నేను కొన్ని చూశాను. మొరం దాకా తవ్వి, కట్టుడుకు డబ్బు లేక వదిలేసిన గుంతలు అవి. రెండు వానలకే అంచులు కూలి, అడుగున బురద చేరి, పశువులు పడకుండా చుట్టూ ముళ్లకంప వేయాల్సి వచ్చింది.

మూడు చుట్లేమిటో ఒక బావి తీసుకుని చూద్దాం. లోపలి వెడల్పు 6 మీటర్లు, మొత్తం లోతు 12 మీటర్లు అనుకుందాం. మొదటి 3 మీటర్లు మట్టి, తర్వాతి 3 మీటర్లు మొరం, అక్కడి నుంచి కిందికి గట్టి గ్రానైట్ బండ. మట్టి, మొరం నిలబడవు కాబట్టి పై 6 మీటర్లకు రాతి కట్టుడు కావాలి. బండకు కట్టుడు అక్కర్లేదు, అదే గోడ.

కట్టుడు గోడ మందం 45 సెంటీమీటర్లు. ఆ గోడ బావి లోపలి 6 మీటర్లను తినకూడదంటే గుంతను ఇరువైపులా 45 చొప్పున పెంచి తవ్వాలి. గోడ వెనకాల, మట్టికీ రాయికీ మధ్య 15 సెంటీమీటర్లు కంకర నింపాలి. అంటే ఇరువైపులా మరో 15. మొత్తం తవ్వకం వెడల్పు 7.2 మీటర్లు. ఇది మొదటి చుట్టు. గోడ లోపలి అంచు 6 మీటర్ల దగ్గర ఉంటుంది, అది రెండో చుట్టు. ఇక బండలోకి దిగేటప్పుడు 6 మీటర్ల వెడల్పుతో దిగకూడదు. గోడ మొత్తం బరువు బండ అంచు మీదే కూర్చుంటుంది కాబట్టి, గోడ ముందు 30 సెంటీమీటర్ల అరుగు వదిలి బండను 5.4 మీటర్ల వెడల్పుతో కొట్టాలి. అది మూడో చుట్టు.

ఇప్పుడు లెక్క. వెడల్పును దానితోనే హెచ్చవేసి 0.785తో గుణిస్తే గుండ్రటి గుంత వైశాల్యం వస్తుంది. 7.2ను 7.2తో గుణిస్తే 51.84, దాన్ని 0.785తో గుణిస్తే దాదాపు 40.7 చదరపు మీటర్లు. 6 మీటర్ల లోతుకు 244 ఘనపు మీటర్ల తవ్వకం. ఇదే పనిని లోపలి వెడల్పు 6 మీటర్లతో లెక్కిస్తే 170 ఘనపు మీటర్లే వస్తుంది. గోడకూ కంకరకూ కలిపి ఒక్కో పక్క పెంచింది 60 సెంటీమీటర్లే అయినా 74 ఘనపు మీటర్ల తవ్వకం పెరిగింది. గుండ్రటి గుంతలో వెడల్పు కొంచెం పెరిగితే తవ్వకం చాలా పెరుగుతుంది. బావి అంచనాల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. కాగితం మీద లోపలి వెడల్పు రాసి, తవ్వకాన్నీ దానితోనే కట్టేస్తారు.

బండ వాటా వేరు. 5.4 మీటర్ల వెడల్పుకు వైశాల్యం 22.9, 6 మీటర్ల లోతుకు 137 ఘనపు మీటర్లు. మట్టి తవ్వకంతో పోలిస్తే ఘనపరిమాణం తక్కువే గానీ ఖర్చు దీనిదే. అందుకే బండ ఎక్కడ మొదలవుతుందన్నది అర మీటరు తేడాతోనైనా తెలియాలి.

ఆ మొదలు ఎక్కడా బల్లపరుపుగా ఉండదు. గ్రానైట్ నేలలో బండ కింద గుట్టలా లేస్తుంది, పల్లంలా దిగుతుంది. మన బావిలో తూర్పున 5.2 మీటర్ల దగ్గరే బండ తగిలి, పడమర 6.6 మీటర్ల దాకా మొరమే ఉందనుకోండి. ఉత్తరాన 5.8, దక్షిణాన 6.4. నాలుగింటి సగటు 6 మీటర్లు. పడమర ఒక్కచోటే పరీక్ష గుంత తవ్వి 6.6 అని రాసుకుంటే బండ లోతు 5.4 మీటర్లే అనిపిస్తుంది, లెక్క 124 ఘనపు మీటర్లకు పడిపోతుంది. తక్కువైన ఆ 13 ఘనపు మీటర్లూ కష్టమైన రాయే. పక్క పొలం బావిలోకి తొంగి చూస్తే మొరం ఎక్కడ ఆగిందో కొంత అంచనా దొరుకుతుంది. అది కొంత వరకే. అందుకే బావి అంచనా రెండుసార్లు వేయాలని నేను అంటాను. మొదటిది పని మొదలయ్యే ముందు, రెండోది నాలుగు వైపులా బండ తేలిన రోజున, టేపు పట్టుకుని.

బండ తేలకముందే రాయి అడ్డం పడుతుంది, దానికీ చోటు ఉంచాలి. గ్రానైట్ కుళ్లి మొరంగా మారేటప్పుడు అంతా ఒకేలా కుళ్లదు. మధ్యలో గట్టి గుండ్లు మిగిలిపోతాయి, కొన్ని తలకాయంత, కొన్ని ఎడ్లబండి అంత. మొరం పొర 3 మీటర్లలో 122 ఘనపు మీటర్లు ఉంది. అందులో పదో వంతు, అంటే 12 ఘనపు మీటర్లు, గుండ్ల కోసం రాతి ధరతో వేసుకోవడం మంచిది. చుట్టుపక్కల చేలల్లో పైకి తేలిన గుండ్లు ఎక్కువగా కనిపిస్తే ఇంకా ఎక్కువ వేసుకోవాలి. పనిలో గుండు తగిలినప్పుడు పగలగొట్టే ముందే దాని పొడవు, వెడల్పు, మందం రాసుకోవాలి. పగలగొట్టాక కొలవడానికి ఏమీ మిగలదు.

ఏది మొరం, ఏది బండ అన్న తగవు ప్రతి బావి దగ్గరా వస్తుంది. గడ్డపారతో పెకలిస్తే పెళ్లలుగా లేచేది మెత్త రాయి. సమ్మెటతో కొడితే ఖంగున మోగి, మందు పెట్టి పేలిస్తే గానీ కదలనిది గట్టి బండ. ధర ఆ రెంటికీ వేరు. మెత్త రాయి అయ్యాక, గట్టి బండ మొదలయ్యే ముందు, పని ఆపి ఇద్దరి ఎదుటా కొలత వేసి గోడ మీద సున్నంతో గీత గీస్తే తర్వాత మాట పెరగదు.

పేల్చినప్పుడు బండ మనం గీసిన గీత దగ్గర ఆగదు. పగుళ్ల వెంట అదనంగా ఊడి వస్తుంది. చుట్టూ 10 సెంటీమీటర్లు ఊడుతుందనుకుంటే వెడల్పు 5.4 నుంచి 5.6 అవుతుంది, 137 కాస్తా 148 ఘనపు మీటర్లవుతుంది. ఈ 11 ఘనపు మీటర్లకు డబ్బు ఎవరిదో ముందే రాసుకోవాలి. గీత వరకే కొలుస్తారా, ఊడినంతా కొలుస్తారా అన్నది ఒప్పందంలో ఒక్క వాక్యం. అది లేక ఎన్నో పనులు చివర్లో చెడ్డాయి.

డబ్బు కన్నా ముఖ్యం గోడ కూర్చోవాల్సిన అరుగు. 30 సెంటీమీటర్లు వదిలింది ఇందుకే. 10 పోయినా 20 మిగలాలి. అరుగు కింది మొదటి అర మీటరు లోతును భారీ మందుతో పేల్చకూడదు. అంచు దగ్గర చిన్న రంధ్రాలు వేసి కొద్ది మందుతోనో, కంప్రెసర్ బ్రేకర్‌తోనో, ఉలి సుత్తెలతోనో తీయాలి. ఎలా తీసినా మందు పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. పని అయ్యాక అరుగు పొడవునా సుత్తెతో తట్టి చూడాలి. గట్టిగా మోగితే సరే. డొల్ల శబ్దం వచ్చిందంటే లోపల పగులు ఉంది. ఆ ముక్కను తీసేసి, గట్టి రాయి దొరికేదాకా దిగి, అక్కడి నుంచి కట్టుకు రావాలి. తూర్పున ఎత్తుగా, పడమర పల్లంగా ఉన్న అరుగును మెట్లు మెట్లుగా చదును చేయాలి. వాలు మీద రాయి పేరిస్తే గోడ జారుతుంది.

కట్టుడు లెక్కలో వాడాల్సింది లోపలి వెడల్పూ కాదు, బయటిదీ కాదు, రెంటి నడిమిది. లోపల 6, బయట 6.9, నడిమిది 6.45 మీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత 20.25 మీటర్లు. దాన్ని మందం 0.45తో, ఎత్తు 6.75తో గుణించాలి. నేల పైన ముప్పావు మీటరు గట్టు కూడా లేవాలి కాబట్టి ఎత్తు 6.75. లెక్క 61.5 ఘనపు మీటర్లకు తేలుతుంది. రాయి చెక్కుడులో, సందుల్లో పోయేది చూసుకుంటే కుప్పగా పోసిన రాయి 77 ఘనపు మీటర్ల దాకా కావాలి. గోడ వెనక కంకరకు మరో 20.

ఈ రాయి కొనాల్సిన పని చాలాసార్లు ఉండదు. బావిలోంచే 137 ఘనపు మీటర్ల బండ వస్తోంది. పగిలి కుప్ప పడ్డాక సందులు చేరి అది ఒకటిన్నర రెట్లకు, అంటే 200 దాటి ఉబ్బుతుంది. అందులో సగం పనికొచ్చినా కట్టుడుకూ కంకరకూ సరిపోతుంది. ఈ ఉబ్బు వల్లే కుప్పను చూసి కూలి కట్టకూడదు. ప్రభుత్వ పనుల్లో రాతి కుప్ప కొలిచి అందులో సగం తగ్గించే పద్ధతి ఉంది. గుంతలోనే కొలిస్తే ఆ తగ్గింపుల గొడవే రాదు.

కానీ తన రాయి తనకే కావాలంటే బండ తీసేదాకా మొరం కట్టుడు లేకుండా నిలబడాలి. మాఘం, ఫాల్గుణాల్లో ఎండిన మొరం నిలువుగా నిలబడుతుంది. ఒక్క పెద్ద వాన పడిందా, పెళ్లలుగా జారుతుంది. కాబట్టి సంక్రాంతి దాటగానే మొదలుపెట్టి, మృగశిర కార్తెకు ముందే కట్టుడు పైకి వచ్చేలా చూసుకోవాలి. వేసవి చివర్లో నీటిమట్టం అడుగంటుతుంది గనుక 12 మీటర్లు చాలుతాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. గుంత అంచున చేంతాడంత పగుళ్లు కనిపిస్తే మనుషుల్ని పైకి రప్పించి, ఉన్న రాయితోనే ఆ పక్క కట్టుడు మొదలుపెట్టాలి, రాయి తక్కువైతే కొనైనా సరే.

కట్టేటప్పుడు చాలామంది సిమెంటు మీద నమ్మకం పెట్టుకుంటారు. గుండ్రటి గోడ బలం సిమెంటుది కాదు. చుట్టూ మట్టి నెడుతుంటే రాళ్లు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. అందుకు ప్రతి రాయీ పొడవాటి వైపు బావి నడిమికి చూసేలా పడాలి, అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి పెట్టాలి. ఈ నేలల్లో నీరు ఎక్కువగా ఊరేది మొరానికీ బండకూ మధ్యే. సరిగ్గా అక్కడ గోడను సిమెంటుతో మూసేస్తే రెండు నష్టాలు. నీరు లోపలికి రాదు, వెనకాల నిలిచి గోడను నెడుతుంది. వర్షాకాలంలో బావి నీటిని మోటారుతో ఒక్కసారి తోడేసినప్పుడు గోడ కడుపులా ముందుకు ఉబ్బిందంటే కారణం ఇదే. కింది 4 మీటర్లు సిమెంటు లేకుండా పొడిగా పేర్చి, పై 2 మీటర్లూ గట్టూ మాత్రం సిమెంటుతో కడితే పైనుంచి మురుగు దిగదు, కింద ఊట ఆగదు. వెనకాల నింపిన కంకర మట్టిని ఆపి నీటిని మాత్రం వదులుతుంది. దాన్ని గోడ అంతా అయ్యాక పైనుంచి కుమ్మరించకూడదు. రాతి వరస లేచే కొద్దీ, అర మీటరుకొకసారి, వెనకాల పోసి కుదించుకుంటూ రావాలి.