టాబ్లెట్, క్రోమ్‌బుక్‌లలో ఆన్‌లైన్ క్లాసు

ఆన్‌లైన్ క్లాసు లింకు ల్యాప్‌టాప్‌లో తెరిచినా, టాబ్లెట్‌లో తెరిచినా టీచరు ముఖం కనిపిస్తుంది, పాఠం వినిపిస్తుంది. వినడం వరకే అయితే రెండింటికీ పెద్ద తేడా లేదు. విద్యార్థి తాను ఏదైనా చూపించాల్సి వచ్చినప్పుడు, టీచరు క్లాసును నడపాల్సి వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది.

టాబ్లెట్‌లో ఉండేది మీటింగ్ యాప్ మొబైల్ రూపం. ఆండ్రాయిడ్, ఐప్యాడ్ వ్యవస్థలు ప్రతి యాప్‌నూ దాని గదిలోనే ఉంచుతాయి. ఒక యాప్ పక్క యాప్‌లోకి తొంగి చూడలేదు. తెర వెనక్కి వెళ్లిన యాప్‌కు కెమెరా వాడే వీలు కూడా చాలావరకు ఉండదు. ఎవరూ రహస్యంగా వీడియో తీయకుండా పెట్టిన కట్టడి ఇది, అవసరమైనదే. కానీ క్లాసు మధ్యలో నోట్స్ యాప్ తెరిస్తే చాలా ఐప్యాడ్‌లలో విద్యార్థి వీడియో ఆగిపోయేది ఇందువల్లే. పిల్లవాడు అక్కడే ఉండి రాసుకుంటున్నా, అటువైపు టీచరుకు వాడు లేచి వెళ్లిపోయినట్టే అనిపిస్తుంది. ఈ సంగతి టీచరుకు ముందే చెప్పి ఉంచాలి. నోట్సు కాగితం మీద రాసుకుంటే అసలు ఇబ్బందే లేదు.

క్రోమ్‌బుక్ సంగతి వేరు. దానికి కీబోర్డు ఉంటుంది, చూడడానికి ల్యాప్‌టాప్‌లాగే ఉంటుంది. అయినా విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములు అందులో ఎక్కవు. చాలా క్రోమ్‌బుక్‌లలో క్లాసులోకి రెండు దారులు ఉంటాయి. ఒకటి క్రోమ్ బ్రౌజర్, రెండోది ప్లే స్టోర్ నుంచి దించుకునే ఆండ్రాయిడ్ యాప్. రెండో దారిలో వెళ్తే మొబైల్ యాప్ హద్దులన్నీ వెంట వస్తాయి. అందుకే గూగుల్ మీట్ క్లాసుకు బ్రౌజర్‌లో `meet.google.com` తెరవడమే మేలు. జూమ్‌కైతే క్రోమ్‌బుక్ కోసమే చేసిన Zoom for Chrome - PWA ఉంది. పాత క్రోమ్ యాప్‌ను ఆ సంస్థ 2022లో ఆపేసింది.

పదో తరగతి విద్యార్థిని ఒకరు సైన్స్ ప్రాజెక్టు స్లైడ్లను, మధ్యలో చిన్న ప్రయోగం వీడియోను మీట్‌లో చూపించాలనుకుందాం. క్రోమ్‌బుక్‌లో ఆమె క్లాసును ఒక బ్రౌజర్ ట్యాబ్‌లో, స్లైడ్లను మరో ట్యాబ్‌లో తెరిచి పెట్టుకుంటుంది. స్క్రీన్ షేర్ బటన్ నొక్కగానే ఒక ట్యాబ్ చూపాలా, ఒక విండోనా, మొత్తం తెరా అని ప్రశ్న వస్తుంది. స్లైడ్ల ట్యాబ్ ఎంచుకుని, దాని ధ్వనిని పంపే స్విచ్ వేసి ఉందో లేదో చూసుకుంటే సరి. క్లాసుకు ఆ ట్యాబ్ ఒక్కటే కనిపిస్తుంది, వీడియో శబ్దం నేరుగా చేరుతుంది. మరో విండోలో ఆమె తన నోట్సు చూసుకోవచ్చు.

అదే పని టాబ్లెట్‌లో చేస్తే సాధారణంగా మొత్తం తెరే వెళ్తుంది. ఇంట్లోవాళ్ల వాట్సాప్ మెసేజ్ పైన మెరిసినా క్లాసంతా చదువుతుంది, కాబట్టి ముందే `Do Not Disturb` పెట్టుకోవాలి. వీడియో శబ్దం మీద భరోసా పెట్టుకోలేం. ఆండ్రాయిడ్ 10 నుంచి ఒక యాప్ శబ్దాన్ని మరో యాప్ అందుకునే వీలు వచ్చింది. అయితే వీడియో ఆడించే యాప్ దానికి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు విద్యార్థినికి శబ్దం స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది, అవతల బొమ్మలు మాత్రం మూగగా కదులుతాయి. తన వైపు నుంచి ఈ లోపం తెలియదు. ముందురోజు ఇంకో ఫోన్‌తో అదే మీటింగ్‌లో చేరి విని చూడడం ఒక్కటే నమ్మకమైన పరీక్ష. కుదరకపోతే ఫైలును టీచరుకు ముందే పంపి, ఆయన కంప్యూటర్ నుంచి చూపించమని అడగవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

లోపలికి వెళ్లడానికే ఆగిపోయే పిల్లలూ ఉంటారు. ఇంట్లో అందరూ వాడే టాబ్లెట్‌లో అమ్మ జీమెయిల్ తెరిచి ఉంటుంది. క్లాస్‌రూమ్ లింకు ఆ ఖాతాతోనే తెరుచుకుంటుంది. లోపలికి నేరుగా వెళ్లకుండా అనుమతి అడిగే బటన్ కనిపిస్తే ఖాతా మారిందేమో చూడాలి. యాప్‌లో పైనున్న ఖాతా బొమ్మను నొక్కి, స్కూలు ఇచ్చిన ఐడీకి మారితే తలుపు తెరుచుకుంటుంది.

టీచర్లకు టాబ్లెట్ ఇంకా ఇరుకు. మీట్‌లో విద్యార్థులను చిన్న గుంపులుగా విడదీసే బ్రేకవుట్ రూములను కంప్యూటర్ నుంచే సృష్టించాలి. మొబైల్ యాప్‌తో వాటిలో చేరడం వరకే కుదురుతుంది. జూమ్ మొబైల్ యాప్‌లో పాఠాన్ని ఆ పరికరంలోనే రికార్డు చేసుకునే వీలు లేదు. డబ్బు కట్టిన ఖాతాతో క్లౌడ్‌లోనే చేయాలి.

పాఠం వినడానికి, ప్రశ్న అడగడానికి టాబ్లెట్ సరిపోతుంది. స్లైడ్లు చూపాల్సిన రోజున క్రోమ్‌బుక్ బ్రౌజర్ కావాలి. క్లాసు నడిపే టీచరు మాత్రం కంప్యూటర్ ముందే కూర్చోవాలి.