గ్రాట్యుటీ లెక్కలో ముప్పై కాదు, ఇరవై ఆరు

విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు సూపర్‌వైజరు ఏడేళ్ల ఎనిమిది నెలలు పనిచేసి మానేశాడనుకుందాం. జీతం నలభై వేలు. అందులో బేసిక్ 18,200, డీఏ 7,800, మిగిలింది ఇంటద్దె భత్యం వగైరా. గ్రాట్యుటీకి పట్టేది చివరి నెల బేసిక్, డీఏ మాత్రమే, అంటే 26,000. దీన్ని ఇరవై ఆరుతో భాగిస్తే రోజు కూలి వెయ్యి రూపాయలు. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల కూలి చొప్పున పదిహేను వేలు. ఆరు నెలలు దాటిన ముక్కను చట్టం నిండు సంవత్సరంగా చూస్తుంది కాబట్టి సర్వీసు ఎనిమిదేళ్లు. చేతికి రావాల్సింది 1,20,000.

ఇరవై ఆరు ఎందుకంటే, నెలలో వారాంతపు సెలవులు పోను పనిరోజులు అన్నే. కొన్ని ఆఫీసుల్లో ముప్పైతో భాగించి 1,04,000 చేతిలో పెడతారు. పదహారు వేలు అక్కడే పోతాయి, అడిగేవాడుండడు. అదే మనిషి మూడు నెలలు ముందే, ఏడేళ్ల అయిదు నెలలకే రాజీనామా ఇచ్చి ఉంటే లెక్క ఏడేళ్లకే ఆగి, పదిహేను వేలు తగ్గేది. రాజీనామా తేదీ వేసేముందు చేరిన తేదీ ఒకసారి చూసుకోవాలి.

బేసిక్‌ను కావాలని తక్కువగా చూపే అలవాటుకు 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ అడ్డుకట్ట వేసింది. భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. నలభై వేల జీతంలో బేసిక్ పన్నెండు వేలే అని రాసినా, లెక్క ఇరవై వేల మీద కట్టాల్సిందే.

ఇక అర్హత. పది మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో పర్మనెంటు ఉద్యోగికి విరామం లేని అయిదేళ్ల సర్వీసు ఉండాలి. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదంవల్లో జబ్బువల్లో పని చేయలేకపోయినా ఈ అయిదేళ్ల నిబంధన లేదు. ఇంటి పెద్ద రెండేళ్లకే పోయాడు కదా, ఏమీ రాదులే అనుకుని కుటుంబాలు అడగడమే మానేస్తాయి. అది తప్పు, అడగాలి. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకున్నవారికి కొత్త కోడ్ కింద ఏడాది సర్వీసు చాలు.

నాలుగేళ్లు నిండి అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు ఒక కేసులో ఒప్పుకుంది. అన్ని సంస్థలూ దాన్ని అంగీకరించవు. ఆ ధీమాతో ముందే మానేయకుండా, వీలుంటే అయిదేళ్లు పూర్తి చేయడమే క్షేమం.

మానేశాక యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, కాపీ దగ్గర పెట్టుకోండి. ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫిర్యాదు చేయాల్సింది కార్మిక శాఖకు.