గదిలో డ్రోన్‌కు ఏ నేల ఆధారం?

జీపీఎస్ అందని గదిలో డ్రోన్‌ను ఒకచోట నిలపాలంటే అది నేలను చూస్తూ ఉండాలి. అందుకోసం దాని పొట్ట కింద రెండు సెన్సర్లు బిగిస్తారు. ఒకటి ఆప్టికల్ ఫ్లో సెన్సర్. కింద నేల ఎటు, ఎంత జోరుగా జారిపోతోందో చూసే బుల్లి కెమెరా ఇది. రెండోది రేంజ్‌ఫైండర్. కంటికి కనిపించని లేజర్ కాంతిని నేల మీదికి పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు చెబుతుంది.

కెమెరా ఒక్కటే చాలదు, ఎందుకంటే దానికి తెలిసేది కోణం మాత్రమే. నేల సెకనుకు 0.5 రేడియన్, అంటే దాదాపు 29 డిగ్రీలు జరిగినట్టు అది చూసిందనుకుందాం. డ్రోన్ మీటరు ఎత్తున ఉంటే దాని వేగం సెకనుకు అర మీటరు. రెండు మీటర్ల ఎత్తున ఉంటే మీటరు. ఎత్తు తప్పితే వేగమూ తప్పుతుంది. పైగా డ్రోన్ ఉన్నచోటే ఉండి కాస్త వంగినా కెమెరాకు నేల జరిగినట్టే కనిపిస్తుంది. జైరో కొలిచిన ఆ వంపును తీసేశాక మిగిలిందే అసలు కదలిక.

చిక్కంతా నేల దగ్గరే వస్తుంది. అభిరుచి కొద్దీ డ్రోన్లు కట్టేవాళ్లు ఎక్కువగా వాడే పీఎండబ్ల్యూ3901 సెన్సర్‌కు అడ్డంగా 35, నిలువుగా 35 గడులే ఉంటాయి. చూపు వెడల్పు 42 డిగ్రీలు. మీటరు ఎత్తు నుంచి చూస్తే దానికి 77 సెంటీమీటర్ల మేర నేల కనబడుతుంది. అంటే ఒక్కో గడిలో రెండు సెంటీమీటర్లకు పైగా నేల ఇమిడిపోతుంది. గ్రానైట్ మీద మనకు ముచ్చటగా కనిపించే సన్నని చుక్కలు ఆ గడిలో కలిసిపోయి ఒకే బూడిద రంగవుతాయి. పేపరు పరిచినా అక్షరాలు కనబడవు. పెద్ద శీర్షికలు, ఫొటోలు మాత్రమే పనికొస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ గడీ పెద్దదవుతుంది కనుక మీటరు దగ్గర సరిపోయిన గచ్చు రెండు మీటర్ల దగ్గర సరిపోకపోవచ్చు.

ఇప్పుడు మన ఇళ్లలోని హాలు చూడండి. తెల్లటి, మెరిసే విట్రిఫైడ్ టైల్స్. డ్రోన్‌కు ఇంతకన్నా చెడ్డ నేల దొరకడం కష్టం. టైల్ మధ్యలో పట్టుకోవడానికి ఒక్క మరక ఉండదు. రెండు టైల్స్ మధ్య గీత కనబడినా, ఆ గీత వెంబడి జరిగితే దృశ్యం మారదు కాబట్టి కదలిక తెలియదు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది టైల్‌లో మెరిసే లైటు ప్రతిబింబం. నేలకు మూడు మీటర్ల పైనున్న లైటు, అద్దంలోలాగే, నేలకు మూడు మీటర్ల కింద ఉన్నట్టు కనిపిస్తుంది. మీటరు ఎత్తున ఎగిరే డ్రోన్‌కు ఆ బింబం నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. రేంజ్‌ఫైండర్ మాత్రం మీటరనే చెబుతుంది. దాంతో సెన్సర్ ఆ బింబాన్నే పట్టుకుంటే అసలు వేగంలో నాలుగో వంతే లెక్కకొస్తుంది. డ్రోన్ తాను దాదాపు నిలిచి ఉన్నాననుకుంటూ గోడ వైపు పోతుంది. దాని నీడ కింద గట్టిగా పడినా ఇదే గతి. నీడ తనతోపాటే వస్తుంది కదా!

వెలుతురు విషయానికొస్తే ఈ సెన్సర్‌కు కనీసం 60 లక్స్ కావాలి. సాయంత్రం ఒకే బల్బు వెలిగే గదిలో మూలలకు అంత రాకపోవచ్చు. నేరుగా నేల మీద పడే ఎండ వల్ల ఇంకో ఇబ్బంది. ఎండలోని పరారుణ కాంతి లేజర్‌ను కప్పేసి రేంజ్‌ఫైండర్ అందుకునే దూరాన్ని తగ్గిస్తుంది. నల్లటి కార్పెట్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, గాజు బల్ల దాన్ని కొంత లోపలికి పోనిస్తుంది.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. రంగురంగుల పెద్ద ముక్కలతో కుట్టిన బొంత గానీ, ముదురు పూల దుప్పటి గానీ పరిస్తే చాలు. అంచులు టేపుతో అంటించడం మాత్రం మరవకూడదు. లేకపోతే రెక్కల గాలికి గుడ్డ రెపరెపలాడి, దాని కదలికను డ్రోన్ తన కదలికగా లెక్కేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి. దాని గాలీ ఇబ్బందే, తిరిగే నీడా ఇబ్బందే.

ఎగరేసే ముందు రెక్కలు ఊడదీసి, డ్రోన్‌ను చేత్తో ఎత్తి చూడాలి. ఆర్డుపైలట్ వాడేవారు కదలకుండా ఒకచోటే ముందుకీ వెనక్కీ, పక్కలకీ వంచి, లాగ్‌లో `OF.flowX`, `OF.bodyX` గీతలను పోల్చుతారు. మొదటిది కెమెరా చూసింది, రెండోది జైరో చెప్పింది. Y గీతలూ అంతే. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే లెక్క సరిగ్గా ఉన్నట్టు. ఎత్తుల్లో నిలకడగా తేడా ఉంటే `FLOW_FXSCALER`, `FLOW_FYSCALER` సవరించాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే సెన్సర్‌ను తిప్పి బిగించారన్నమాట. అలాగే ఎగరేస్తే డ్రోన్ తప్పును దిద్దుకోబోయి ఇంకా పెంచుకుంటుంది. తర్వాత అదే ఎత్తులో హాలంతా తిప్పుతూ `OF.Qual` చూస్తే బొంత మీద ఎక్కువగా ఉన్న అంకె టైల్స్ మీదికి రాగానే పడిపోవడం కనిపిస్తుంది.

అన్నీ కుదిరినా ఇది జీపీఎస్‌కు సాటి రాదు. వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ చోటు లెక్కగట్టే పద్ధతి కనుక చిన్న చిన్న తప్పులూ కూడుతూ పోయి డ్రోన్ మెల్లగా పక్కకు జరుగుతుంది. బొంత అంచు దాటకముందే రిమోట్‌తో మధ్యకు తెచ్చుకోవాలి.